ఫ్లాట్‌లోని మిత్రులకు: వైఫై పాస్‌వర్డ్ మారింది

నిన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక ఇంటర్నెట్ ఆగిపోవడానికి కారణం కేబుల్ తెగడమో, బిల్లు కట్టకపోవడమో కాదు. రౌటర్‌పై ఎల్ఓఎస్ ఎర్రలైటు వెలగలేదు కనుక ఫైబర్ లైను బాగానే ఉందని, రౌటర్ సెట్టింగులే చెడిపోయాయని కస్టమర్ కేర్‌వారు చెప్పారు. వారి సూచన మేరకు రౌటర్ వెనుకనున్న సన్నని రంధ్రంలో పిన్నుతో నొక్కి పట్టి రీసెట్ చేసి, కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు నెట్ వస్తోంది.

రీసెట్‌తో పాత వైఫై పాస్‌వర్డ్ చెరిగిపోయింది. రౌటర్ స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ ఇంటికి వచ్చినవారెవరైనా చదవగలరు కాబట్టి దాన్ని ఉంచలేదు. వివరాలివి:

```
Wi-Fi: Flat402
Password: Gongura#Pappu402
```

G, P పెద్ద అక్షరాలు. మధ్యలో ఖాళీ లేదు. నెట్‌వర్క్ పేరు పాతదే కనుక మీ ఫోన్లు పాత పాస్‌వర్డ్‌తోనే ప్రయత్నించి విఫలమవుతాయి. ముందు Forget నొక్కి, తర్వాత కొత్తది టైపు చేయండి. హాల్లోని టీవీకి నేనే పెట్టాను. పై అంతస్తువారు అడిగితే, దయచేసి ఇవ్వవద్దు.

— బాల్కనీ గది నుంచి