చీటీ మారిన మూట

పురపాలక సంఘం ముద్ర ఉన్న ఆ కవరు వచ్చి 11 రోజులైనా వెంకటస్వామి దానిని విప్పలేదు. జూన్ నెల కావడంతో చీరాలలోని అతని చిన్న దుకాణం నిండా బడి పిల్లల యూనిఫారం గుడ్డలు పేరుకుని ఉన్నాయి. కవరును కొలతల పుస్తకంలో చివరి పేజీల మధ్య పెట్టి, పుస్తకం తెరవవలసి వచ్చినప్పుడల్లా మొదటి పేజీల వైపు నుంచే తెరుస్తూ వచ్చాడు. ఈ పదకొండు రోజుల్లో రెండు నిక్కర్లకు నడుము కొలత తప్పింది. ముప్పయ్యేళ్ళ పనిలో అతనికి అలా ఎన్నడూ జరగలేదు.

అతని భయానికి కారణం ఉంది. తండ్రి అప్పు తీర్చలేకపోయిన ఏడాది కోర్టు అమీనా వచ్చి, ఇంట్లోని ఇత్తడి బిందెలను ఒక్కొక్కటిగా వీధి అరుగు మీద పెట్టించాడు. అప్పటికి అతనికి తొమ్మిదేళ్ళు. ఆ రోజుకు ముందు కూడా ఇలాంటి కవరే ఒకటి ఇంటికి వచ్చింది. ఇప్పుడు తన ఇంట్లో బిందెలకు బదులు కుట్టు మిషను ఉంది.

"విప్పినా విప్పకపోయినా అందులో రాసింది మారదు కదా. పట్టుకెళ్ళి వాళ్ళనే చదవమనండి" అని భార్య ఆదిలక్ష్మి అన్న మరునాడు, అతను అంటించిన కవరును అంటించినట్టే చేతిలో పట్టుకుని, తీగకు గుచ్చి దాచుకున్న పన్ను రసీదులను కూడా సంచిలో వేసుకుని కార్యాలయానికి వెళ్ళాడు.

రెవెన్యూ విభాగంలో శ్రీలక్ష్మి అనే గుమాస్తా ఉన్నది. విప్పని కవరును చూసి ఆమె నవ్వలేదు, కసురుకోలేదు. కుర్చీ చూపించి, "కూర్చోండి బాబాయి గారూ, ఇద్దరం కలిసి చదువుదాం" అని కవరు అంచును స్కేలుతో కోసింది. పన్ను బకాయి 6,840 రూపాయలు, వడ్డీ 2,873, మొత్తం 9,713 రూపాయలు. ఆ అంకె వినగానే అతని అరచేతులు చెమర్చాయి.

"నేను ఒక్క ఆరు నెలలు కూడా ఎగ్గొట్టలేదమ్మా" అన్నాడు గొంతు పెగుల్చుకుని.

"రసీదులు ఉన్నాయా?"

ఆమె తీగ నుంచి రసీదులను జాగ్రత్తగా తీసి, 2022 నుంచి వరుసగా బల్ల మీద పరిచింది. అర్ధ సంవత్సరానికి 1,140 చొప్పున ఆరు రసీదులు. అన్నీ గడువులోపే కట్టినవి. నోటీసులోని అసెస్‌మెంట్ నంబరు పక్కన రసీదులోని నంబరును పెట్టి, పెన్ను మొనతో ఒక్కో అంకె చూపిస్తూ పోయింది. చివరి మూడు అంకెలు వేరు.

"ఇల్లు పంచుకున్నారా?"

పంచుకున్నారు. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ చెరి సగం రాయించుకున్నారు. హైదరాబాదులో ఉన్న అన్న కోటేశ్వరరావు వాటాకు పాత నంబరు నిలిచింది, వెంకటస్వామి వాటాకు కొత్త నంబరు పడింది. అతను మాత్రం ఇంటర్నెట్ షాపు కుర్రాడి చేతికి ఎప్పుడూ పాత రసీదే ఇచ్చి, పన్ను సగానికి తగ్గిందని సంతోషించి, మూడేళ్ళుగా అన్న వాటాకు పన్ను కడుతూ వచ్చాడు. సన్నని అక్షరాల్లో ఉన్న అన్న పేరును కళ్ళజోడు లేకుండా చదవలేకపోయాడు.

వెంకటస్వామి ఆ రెండు కాగితాలను చాలాసేపు చూశాడు. "మా దగ్గరా ఇలా జరుగుతుందమ్మా. ఒకరి గుడ్డల మూటకు ఇంకొకరి చీటీ అంటుకుంటుంది. కుట్టడం సరిగ్గానే కుడతాం, చేరడం వేరే ఇంటికి చేరుతుంది" అన్నాడు. చెబుతుండగానే అతని ఊపిరి కుదుటపడింది. మూట మారితే ఏం చేయాలో అతనికి తెలుసు.

"సరిగ్గా అదే. డబ్బు ఎక్కడికీ పోలేదు" అన్నది శ్రీలక్ష్మి. "మీ అన్నగారు తనకు అభ్యంతరం లేదని ఉత్తరం రాసిస్తే, ఈ ఆరు చెల్లింపులనూ మీ నంబరుకు మార్చమని ఫైలు పెడతాను. కట్టిన తేదీల ప్రకారం సర్దితే వడ్డీ పడే పని లేదని అందులో రాస్తాను. సంతకం చేయవలసింది కమిషనర్ గారు కాబట్టి ఆ మాట నేను ఇవ్వలేను. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మీ డబ్బు మార్చాక అన్నగారి వాటాకు ఆ మూడేళ్ళ పన్నూ బాకీ తేలుతుంది. ఆయనకు ముందే చెప్పండి."

ఉత్తరం నమూనాను ఆమె తన చేతితోనే ఒక తెల్లకాగితం మీద రాసిచ్చింది. ఈ అర్ధ సంవత్సరం పన్ను 1,140 రూపాయలను జూన్ 30 లోగా కట్టాలని గుర్తుచేసి, కౌంటరు దగ్గరికి తానే వెంట వచ్చి, కొత్త నంబరును అతని చేతనే పైకి చదివించింది. అతను కళ్ళజోడు పెట్టుకుని అంకె అంకెనూ నిదానంగా చదివాడు.

ఆ రాత్రి అన్నకు ఫోను చేశాడు. పంపకాల తర్వాత పండగలకు తప్ప వాళ్ళు మాట్లాడుకోవడం తగ్గింది.

"అన్నయ్యా, మూడేళ్ళుగా నీ వాటా పన్ను నేనే కట్టానట."

అవతల కొంతసేపు మాట లేదు. "నాకు నోటీసు ఎందుకు రావడం లేదా అని నేనూ అనుకుంటూనే ఉన్నానురా" అన్నాడు కోటేశ్వరరావు. "నా బాకీ నేను కట్టుకుంటాను. ఉత్తరంలో ఏం రాయాలో చదువు, రాసుకుంటాను."

వెంకటస్వామి కొలతల పుస్తకాన్ని చివరి పేజీల వైపు నుంచి తెరిచి, అందులోని తెల్లకాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు.