మూలాపేట మా ఇంట్లో శనివారం సత్సంగం: వరుస, సమయాలు

అక్కలూ, అన్నలూ, పిల్లలూ! ఈ శనివారం నుంచి ప్రతి వారం సాయంత్రం ఆరున్నరకు మా మేడ మీద కూర్చుందాం. పాట రాదని ఎవరూ ఆగిపోవద్దు. రానివాళ్ళ కోసమే ఈ వరుస రాశాను.

6:30 – దీపం, మూడుసార్లు ఓంకారం, 'శుక్లాంబరధరం', 'గురుర్బ్రహ్మ'. ఆరు నిమిషాలు. ఆలస్యమైనవాళ్ళు మెల్లగా వచ్చి వెనక కూర్చోండి, మధ్యలో ఆపం.

6:36 – 'రఘుపతి రాఘవ రాజారాం', నాలుగు నిమిషాలు. ఇది అందరికీ వచ్చిందే, గొంతు తెరుచుకుంటుంది. తాళాలు ఇప్పుడే వద్దు, చప్పట్లు చాలు.

6:40 – రామదాసు కీర్తన 'తక్కువేమి మనకు', ఆరు నిమిషాలు. పల్లవి, ఒక్క చరణం మాత్రమే. పోయిన నెల చూసుకుందామని పాడినప్పుడు మొత్తం పాట వేగంగా లాగేశాం. రెండో చరణానికి వచ్చేసరికి ఒకామె పెదవులు ఆగిపోయాయి. పుస్తకంలో పేజీలు తిప్పుతూనే ఉండిపోయింది. నాకు చాలా బాధేసింది. అందుకే ఇకపై ఒకరు ఒక పాదం పాడితే, అందరం అదే పాదం రెండుసార్లు అందుకుందాం. శ్రుతి కూడా తగ్గించే పెడతాను.

6:46 – అన్నమయ్య 'అదివో అల్లదివో', ఏడు నిమిషాలు. తిరుమల కొండనే పదివేల శేషుల పడగలుగా చూపించే పాట. నడిచి కొండెక్కినవాళ్ళు ఆ మలుపుల్ని తలుచుకుంటూ పాడండి, నెమ్మది దానంతటదే వస్తుంది.

6:53 – పోతన భాగవతం, గజేంద్ర మోక్షంలోని 'ఎవ్వనిచే జనించు' పద్యం, పది నిమిషాలు. వారానికి ఒక్క పాదం. మాట విడగొట్టి అర్థం చెప్పుకుని, నోటికి వచ్చేదాకా అనుకుందాం. నాలుగు వారాలకు పద్యం మొత్తం మనదవుతుంది. పిల్లలు ముందు వరసలో కూర్చోవాలి, వాళ్ళకే ముందొస్తుంది.

7:03 – 'హరే రామ హరే కృష్ణ' నామం, పది నిమిషాలు. మొదట మెల్లగా, చివరి రెండు నిమిషాలు కాస్త వేగం పెంచి, మళ్ళీ తగ్గించి ఆపుదాం. ఇక్కడ తాళాలు, డోలక్ ఉన్నవాళ్ళు వాయించవచ్చు, గొంతులను మించకుండా.

7:13 – మూడు నిమిషాలు మౌనం. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. నామం ఆగాక వచ్చే ఆ నిశ్శబ్దం కోసమే నేను ఈ గంట పెట్టుకున్నాను.

7:16 – హారతి, మంగళం 'రామచంద్రాయ జనక', ఆరు నిమిషాలు. హారతి పట్టుకునే వంతు వారానికొకరికి.

7:22 – 'సర్వే జనాః సుఖినో భవంతు', మూడుసార్లు శాంతి.

తర్వాత ప్రసాదం. ఈ వారం శనగల గుగ్గిళ్ళు నేనే చేస్తాను. ఏడున్నరకల్లా లేచిపోదాం, రంగనాయకుల గుడికి వెళ్ళాలనుకున్నవాళ్ళు అటునుంచి అటే వెళ్ళొచ్చు. పాటల కాగితాలు పెద్ద అక్షరాల్లో వేయించి ఉంచాను, కళ్ళజోడు మర్చిపోయినా పరవాలేదు.