అద్దె ఇంట్లో మీ హక్కులు: రాష్ట్రం మారితే రూల్ కూడా మారొచ్చు

మాదాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ముగ్గురు ఫ్రెండ్స్, అద్దె 24 వేలు, అడ్వాన్స్ 48 వేలు. ఖాళీ చేసే రోజు ఓనర్ గారు, "పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటున్నా" అన్నారు. అలా పట్టుకోవచ్చా?

ఒక్క మాటలో చెప్పడం కుదరదు. ముందు అగ్రిమెంట్ చూడాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అద్దెకున్నవాళ్లు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి. అయితే మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంటుంది. రెండేళ్లలో గోడ రంగు వెలిసిపోతే అది అరుగుదల. గోడకు డ్రిల్లింగ్ చేసి పెచ్చులూడగొడితే అది మీరు చేసిన నష్టం. కానీ ఇదే చట్టం, ఇద్దరూ వేరేలా ఒప్పుకుంటే ఆ ఒప్పందానికే విలువిస్తుంది. "ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కి" అన్న లైను అగ్రిమెంట్‌లో ఉండి, కింద మీ సంతకం ఉంటే వాదించడం కష్టం. అలాంటి లైను లేకపోతే, దేనికి ఎంత ఖర్చయిందో లెక్క చూపించమని మీరు అడగొచ్చు. అందుకే ఇంట్లో చేరిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్‌బోర్డులు వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి. అది ఆయనకీ మంచిదే, రేపు గొడవ వస్తే ఇద్దరి దగ్గరా ఒకే ఆధారం ఉంటుంది.

ఇక అందరికీ తెలిసిన పదకొండు నెలల అగ్రిమెంట్. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది, తెలుగు రాష్ట్రాల్లో మాత్రం సవరణ వల్ల ఏడాది లోపు లీజుకీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ ఖర్చు, ఆఫీసు చుట్టూ తిరుగుడు తప్పించుకోవడానికే 11 నెలల అలవాటు. గడువు అయిపోయిన మర్నాడే సామాను బయట పెట్టేయొచ్చని దానర్థం కాదు. మనిష్టం వచ్చినన్నాళ్లు ఉండిపోవచ్చనీ కాదు. నోటీసు గురించి అగ్రిమెంట్‌లో ఏమీ లేకపోతే, నెలనెలా అద్దె కట్టే ఇంటికి ఎవరు వద్దనుకున్నా సాధారణంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అగ్రిమెంట్‌లో నెల అనో, రెండు నెలలు అనో ఉంటే దాన్నే పాటించాలి. నోటీసు గడువు దాటినా ఖాళీ చేయకపోతే ఓనర్‌కి చట్టపరమైన దారి ఉంటుంది. తాళం మార్చడం, కరెంటు తీసేయడం, నీళ్లు ఆపేయడం మాత్రం ఆ దారి కాదు.

రాష్ట్రాల తేడా గట్టిగా కనిపించేది అడ్వాన్స్ దగ్గరే. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, నివాసానికి తీసుకున్న ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదని ఉంది. ఓనర్ లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని కూడా ఉంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ వర్తిస్తుంది. తమిళనాడు 2017 చట్టంలో, వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దె పరిమితి. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది గానీ, అద్దె మొత్తాన్ని, భవనం వయసును బట్టి చాలా ఇళ్లు దాని పరిధిలోకి రావు. కాబట్టి బెంగళూరులో ఫ్రెండ్‌కి జరిగింది చూసి హైదరాబాద్‌లోనో విశాఖలోనో అదే రూల్ అనుకోకండి.

పీజీ హాస్టల్‌లో ఉంటున్నారా? అక్కడ మీకు ఉన్నది చాలాసార్లు లీజు కాదు, ఉండటానికి అనుమతి మాత్రమే. ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లకి ఉండే రక్షణలన్నీ అక్కడ దొరకకపోవచ్చు. చేరేముందు నోటీసు ఎన్నాళ్లో, డబ్బు ఎప్పుడు వెనక్కిస్తారో రాయించుకోండి. వార్డెన్ నోటిమాట మీద ఆధారపడకండి.

అద్దె యూపీఐలో కట్టండి, నోట్‌లో ఏ నెలదో రాయండి. క్యాష్ ఇస్తే రసీదు తీసుకోండి. కొందరు ఓనర్లు రసీదు అనగానే మొహం చిట్లిస్తారు. అప్పుడు "నెల అద్దె ముట్టింది" అని ఒక మెసేజ్ పెట్టమన్నా చాలు.

చివరగా ఒకటి. ఇది అందరికీ పనికొచ్చే సాధారణ సమాచారం, మీ కేసుకి లాయర్ సలహా కాదు. గొడవ ముదిరితే మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది, అది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. వెళ్లేటప్పుడు అగ్రిమెంట్, అద్దె కట్టిన స్క్రీన్‌షాట్‌లు, చేరిన రోజు తీసిన వీడియో తీసుకెళ్లండి.