నోటీసు లేకుండా ఉద్యోగం నుంచి తీసేసి, బకాయిలు చెల్లించకపోవడంపై అర్జీ

తేదీ: 24 జూన్ 2024

అసిస్టెంట్ లేబర్ కమిషనర్ గారికి,

అయ్యా,

నేను 2016 మార్చి 2 నుంచి ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో లేత్ ఆపరేటర్‌ని. టోకెన్ నంబర్ 214. ఫ్యాక్టరీ పేరు, అడ్రసు జత చేసిన అపాయింట్‌మెంట్ ఆర్డరులో ఉన్నాయి.

జూన్ 11 మంగళవారం ఉదయం షిఫ్టుకి వెళ్తే గేటు దగ్గర మెషిన్ నా వేలిముద్ర తీసుకోలేదు. వేలు తుడుచుకుని మూడుసార్లు పెట్టాను, ఎర్ర లైటే వెలిగింది. "అన్నా, నీ పేరు తీసేశారంట" అన్నాడు వాచ్‌మన్. గంటన్నర నిలబెట్టాక హెచ్‌ఆర్ ఆఫీసర్ బయటికొచ్చి, ఆర్డర్లు తగ్గాయి, ఇక రావద్దన్నారు. టైపు చేసిన ఒక కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. నేను సొంత కారణాలతో రాజీనామా చేస్తున్నట్టు అందులో రాసి ఉంది. సంతకం పెడితేనే లెక్క తేలుస్తామన్నారు. నేను పెట్టలేదు.

నేను రాజీనామా చేయలేదు. మిగతా అన్నిటికన్నా ముందు ఈ మాట మీ రికార్డులో నమోదు కావాలి. మేనేజ్‌మెంట్ రేపు మీ ముందు ఇంకోలా చెప్పవచ్చు.

నా మీద ఛార్జిషీటు గానీ, ఎంక్వైరీ గానీ ఎప్పుడూ లేదు. పని తగ్గిందనే అనుకున్నా, పారిశ్రామిక వివాదాల చట్టం 1947 సెక్షన్ 25ఎఫ్ ప్రకారం నెల రోజుల నోటీసు లేదా ఆ నెల జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇచ్చాకే తీసేయాలి. పైగా నా తర్వాత చేరిన ఇద్దరు అవే లేత్‌ల మీద ఇప్పటికీ పనిచేస్తున్నారు.

నాకు రావాల్సినవి: మే జీతం రూ. 18,200, జూన్‌లో 8 పనిదినాలకు రూ. 5,600, వాడుకోని 22 రోజుల సెలవులకు రూ. 15,400, నోటీసు జీతం రూ. 18,200, 8 ఏళ్ల పరిహారం రూ. 72,800, గ్రాట్యుటీ రూ. 72,000. మొత్తం రూ. 2,02,200. తొలగించిన తర్వాత రెండో పనిదినం లోపు ఇవ్వాల్సిన జీతం కూడా నేటికీ ఇవ్వలేదు. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు ఇంకా ఉంది, ఫారం-ఐ మాత్రం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఏప్రిల్ జీతంలో పీఎఫ్ కోత పడింది, పాస్‌బుక్‌లో మాత్రం మార్చి దగ్గరే ఆగింది. దీనిపై పీఎఫ్ ఆఫీసుకు విడిగా రాస్తున్నాను.

నా లాకర్‌లో సొంత డబ్బుతో కొనుక్కున్న మైక్రోమీటర్ ఉంది. అదైనా ఇవ్వమని రెండుసార్లు గేటు దగ్గరికి వెళ్లాను, లోపలికి రానివ్వలేదు. అది లేకుండా ఇంకో షాపులో పనికి కుదరడం కూడా కష్టమవుతోంది.

కాబట్టి మేనేజ్‌మెంట్‌ను పిలిపించి, సెక్షన్ 2ఎ కింద ఈ వివాదంపై రాజీ చర్చలు జరిపి, పాత సర్వీసుతో నన్ను తిరిగి పనిలోకి తీసుకునేలా చూడాలని కోరుతున్నాను. అది కుదరకపోతే పై బకాయిలన్నీ ఇప్పించాలి. ఏ తేదీన రమ్మన్నా వస్తాను.

జత: అపాయింట్‌మెంట్ ఆర్డరు, ఏప్రిల్ పే స్లిప్, పీఎఫ్ పాస్‌బుక్, ఫారం-ఐ పోస్టల్ రసీదు కాపీలు.

ఇట్లు,
అర్జీదారు
లేత్ ఆపరేటర్, టోకెన్ నంబర్ 214