మాధవి అడగకుండా ఎలా వెళ్లిపోయింది?

నమస్కారమండీ,

మీ నవల రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎనిమిదో అధ్యాయం దాకా కుర్చీలోంచి లేవలేదు. తొమ్మిదో అధ్యాయం మధ్యలో లేచి టీ పెట్టుకున్నాను. ఎందుకో చెబుతాను.

కాకినాడలో చీరల షాపు. కిరణ్ ఒకమ్మాయి భుజం మీద పట్టుచీర వేసి చూస్తున్నాడు. మాధవి బయట నిలబడి అద్దంలోంచి అది చూసి, నంబరు మార్చేసి, హైదరాబాద్‌లో స్నేహితురాలి హాస్టల్‌కి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి కిరణ్ బాబాయి కూతురని మనకి తెలియడానికి 110 పేజీలు పట్టింది. "మా చెల్లెలు" అని కిరణ్ ఒక్క మాట అంటే పోయే అపార్థం అది. ఆ మాట అననివ్వకుండా మీరు పడ్డ పాట్లు కనిపిస్తున్నాయి: ఫోను నీళ్లలో పడింది, ఉత్తరం తమ్ముడి పుస్తకాల్లో ఉండిపోయింది, రైలు నిమిషం ముందే కదిలింది. ఒకటైతే సరే అనుకునేదాన్ని.

అసలు మాధవి అలాంటి మనిషి కాదు. మూడో అధ్యాయంలో కండక్టరు టికెట్ వెనక రెండు రూపాయలు బాకీ అని రాసిస్తే, సామర్లకోటలో దిగాక కూడా బస్సు కదలనివ్వకుండా వసూలు చేసిందే! ఆ సీను చదివి పెద్దగా నవ్వాను. రెండు రూపాయలు వదలని పిల్ల కిరణ్‌ని ఒక్క ప్రశ్నయినా అడక్కుండా వదిలేస్తుందా?

బాబాయి కూతుర్ని మేనమామ కూతురిగా మారిస్తే కొంత నయం. మరదలు కాబట్టి అడిగి తెలుసుకున్నా భయం పోదు. కానీ అది అతుకే అవుతుంది.

నిజమైన అడ్డు మీరే నాలుగో అధ్యాయంలో రాసి మరిచిపోయారు. జీతం అందిన రోజు మాధవి కవరు తెచ్చి దేవుడి గూట్లో పెడుతుంది. వాళ్లమ్మ అందులోంచి తమ్ముడి ఫీజు, నాన్న మందుల డబ్బు తీసి, మిగిలిన రెండు వందలు ఆమె చేతిలో పెట్టి, "సంబంధాలు వస్తున్నాయే, ఇంకో రెండేళ్లు ఆగమని చెబుతున్నా" అంటుంది. మాధవి ఏమీ అనదు, కవరు మడత సరిచేస్తుంది. ఆ పేరా దగ్గర నా గుండె పట్టేసింది. కిరణ్ ఎంత మంచివాడైనా ఆ కవరు సంగతి ఎలా తేలుస్తాడు? "నేనిస్తాలే" అంటే ఆమెకి చిన్నతనం. ఆగుతానంటే అతని ఇంట్లో గొడవ. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నీ మాట్లాడుకున్నా ఆ ముడి వీడదు. అప్పుడు ఫోను పనిచేస్తున్నా నష్టం లేదు.

తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా మళ్లీ రాయాల్సి వస్తుంది, తప్పదు. పన్నెండులో వాన పడుతుండగా వాళ్లు బస్టాండులో ఒకే అరటిపండు పంచుకున్న జ్ఞాపకం మాత్రం తీసేయకండి. చీరల షాపు కూడా ఉంచవచ్చు, కాకపోతే ఈసారి మాధవి లోపలికి వెళ్లాలి.