మీ ఆఫీసులో చేరలేకపోతున్నాను, సర్

హైదరాబాద్,
8 జనవరి 2026

గౌరవనీయులైన సర్‌కి,

నమస్కారాలు. మీరు, మేడమ్ గారు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న మీరు ఫోన్ చేసి, ఆఫీసులో జీఎస్టీ పని మొత్తం నన్నే చూసుకోమన్నారు. రెండేళ్లు గడిస్తే పార్ట్‌నర్‌గా తీసుకుంటానన్నారు. మీ దగ్గర సీఏ ఆర్టికల్స్ చేసిన వాళ్లలో ఎవరికైనా ఇంతకంటే పెద్ద మాట ఉండదు. ఇంట్లో చెబితే అమ్మ కళ్లు తుడుచుకుంది. అయినా బాగా ఆలోచించుకుని రాస్తున్నాను. నేను మీ ఆఫీసులో చేరలేను సర్. ఇక్కడి ఉద్యోగం మార్చి నెలాఖరుకి వదిలేసి, భీమవరంలో సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుంటున్నాను. ఈ సంగతి ఫోన్లో చెప్పబోతే, మీరు "ఎందుకమ్మా?" అని ఒక్క మాట అడిగినా నాకు గొంతు పెగలదు. అందుకే ఉత్తరం.

ఎక్కువ జీతం ఇంకెవరో ఇస్తామన్నారని కాదు. విజయవాడ రావడం ఇష్టం లేకా కాదు. గవర్నర్‌పేట ఆఫీసు నాకు రెండో ఇల్లు. అసలు కారణం మీరు నేర్పిన పనిలోనే ఉంది.

మీకు గుర్తుందో లేదో, నేను ఆర్టికల్స్‌లో చేరిన కొత్తల్లో గుడివాడ వైపు ఒక రైస్ మిల్లుకి స్టాక్ చూడ్డానికి తీసుకెళ్లారు. గోడౌన్‌లో బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. బయటి వరసలు లెక్కపెట్టి, ఎత్తుతో గుణిస్తే పుస్తకంలో అంకెతో సరిగ్గా సరిపోయింది. మీరు సంతకం పెట్టలేదు. హమాలీల్ని పిలిచి మధ్యలోంచి బస్తాలు దింపించారు. నాలుగు వరసలు దిగేసరికి లోపల అంతా డొల్ల. మిల్లు ఓనరు టీలు తెప్పించి కూర్చోమంటున్నా మీరు నిలబడే ఉన్నారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో మీరన్నది ఒకటే: "ముందు సరుకు చూడు, తర్వాత పుస్తకం తెరువు."

ఇక్కడ గచ్చిబౌలిలో నాలుగేళ్లుగా నేను చూస్తున్నదంతా పుస్తకమే సర్. అది కూడా స్క్రీన్ మీద. జీతం బాగుంది, మనుషులు మంచివాళ్లు. కానీ నేను సరిచూసే అంకె ఏ గోడౌన్‌లోదో, ఎవరి కష్టమో నాకు తెలియదు.

పోయినేడు మా బాబాయికి ఇన్‌కమ్ ట్యాక్స్ నోటీసు వచ్చింది. ఉండి దగ్గర ఆరెకరాలు లీజుకి తీసుకుని రొయ్యల సాగు చేస్తాడు. పట్టుబడి డబ్బంతా సేవింగ్స్ ఖాతాలో వేసుకున్నాడు. చెరువు కూడా పొలమే కదా, పొలం మీద పన్నేమిటి అన్నది ఆయన ధీమా. చేపలు, రొయ్యల సాగు మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం కిందికి రాదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. లెక్కలేమైనా ఉన్నాయా అని అడిగితే ప్లాస్టిక్ కవర్లో చుట్టిన చిన్న నోటుబుక్కు తెచ్చాడు. అందులో అన్నీ ఉన్నాయి సర్! సీడ్ ఎప్పుడు వేసిందీ, ఏ రోజు ఎన్ని మేత బస్తాలు పోసిందీ, కరెంటు పోయిన రాత్రి జనరేటర్‌కి ఎంత డీజిల్ పట్టిందీ, ఎంత కౌంట్‌లో ఏ ధరకి అమ్మిందీ. కొన్ని పేజీలు తడిసి అతుక్కుపోయాయి, అంతే. అంత నిజాయితీగా రాసుకున్న లెక్క నేను కంపెనీల్లో కూడా అరుదుగా చూశాను. దాన్ని పుస్తకాల్లోకి ఎక్కించి, చట్టం అడిగే రూపంలో పెట్టే మనిషే ఆయనకి దొరకలేదు.

ఇలాంటి నోటుబుక్కులు అక్కడ ఊరూరా ఉన్నాయి. ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోయినప్పుడు ఆ దెబ్బ మా వైపు చెరువు గట్ల దాకా వచ్చింది. అమ్మకం మీద 6 శాతమో 8 శాతమో లాభం చూపించి రిటర్ను వేసేస్తే పని సులువే. కానీ నష్టపోయిన ఏడాది కూడా అదే దారి పడితే రాని లాభం మీద పన్ను కట్టాలి, వచ్చిన నష్టం ఎక్కడా కనపడకుండా పోతుంది. పుస్తకాలు సరిగ్గా రాసి గడువులోపల రిటర్ను వేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా సర్దుకోవచ్చు. మీకు నేను చెప్పేదేముంది. వైరస్ వచ్చి చెరువు ఖాళీ చేసిన రైతుకి మాత్రం ఇది ఎవరో ఒకరు గట్టు మీద కూర్చుని చెప్పాలి. ఆ ఒకరు నేను కావాలని ఉంది సర్. ఈ పని మీ ఆఫీసులో ఉంటూ చేయమని మీరనొచ్చు. కానీ విజయవాడ నుంచి వచ్చిపోతుంటే కుదరదు. పట్టుబడి రోజున, మేత కొట్టు లెక్క తేలే రోజున అక్కడ ఉండాలి. అలాంటి చిన్న ఫీజుల పని మీ ఆఫీసు మీద మోపడం కూడా న్యాయం కాదు.

సమయం కూడా కలిసొచ్చిందనుకుంటున్నాను. ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోంది. గడిచిన ఏడాది రిటర్నులు పాత చట్టం కింద వేస్తూనే, కొత్త ఏడాది లెక్కలు కొత్త చట్టం కింద మొదలుపెట్టాలి. సెక్షన్ల నంబర్లన్నీ ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా మళ్లీ నేర్చుకునే ఈ ఏడాదిలో కొత్తవాళ్లకి కాస్త చోటు ఉంటుంది.

భయం లేదని చెప్పను. నెల తిరిగేసరికి జీతం పడదన్న టెన్షన్ రాత్రిళ్లు ఉంటోంది. ఏడాది ఇంటి ఖర్చులకి, ఆఫీసు అద్దెకి సరిపడా దాచుకున్నాను. ప్రకటనలు వేసి క్లయింట్లని పిలుచుకునే వృత్తి కాదు మనది, నెమ్మదిగానే కుదురుకోవాలి. మా ఆయన ఒప్పుకున్నారు, నెలలో సగం రోజులు అక్కడి నుంచే పని చేసుకుంటారు.

ఒక మాట ఇస్తున్నాను. మీ క్లయింట్లు ఒకరిద్దరు భీమవరం, పాలకొల్లు వైపు ఉన్నారని నాకు తెలుసు. నేనుగా వాళ్ల దగ్గరికి వెళ్లను. వాళ్లంతట వాళ్లు వచ్చినా, ముందుగా మీకు రాసి మీ జవాబు అందేదాకా ఫైలు ముట్టుకోను.

జీఎస్టీ పని చూడ్డానికి మీకు మనిషి కావాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. నా తర్వాత బ్యాచ్‌లో ఏలూరు నుంచి వచ్చి చేసిన అమ్మాయి, ఇన్‌పుట్ ట్యాక్స్ తేడాలు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని తేల్చేదే, ఆమె ఇప్పుడు వైజాగ్‌లో ఉంది. తిరిగి విజయవాడ రావాలని చూస్తోంది. మీరు సరేనంటే మీతో మాట్లాడమంటాను. నోటీసులకి జవాబు రాయడంలో నాకంటే ఆమె చేయి తిరిగింది.

నేను కాదన్నందుకు మీకు బాధ కలుగుతుందని తెలుసు. నాకూ తేలిగ్గా లేదు. ఇది రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నా పరీక్ష ఫలితాల రోజు మీరు ఆఫీసంతా స్వీట్లు పంచడమే కళ్ల ముందుకొచ్చింది.

ఈ నెల 20వ తేదీ రిటర్నుల హడావుడి దాటాక, 25 ఆదివారం పొద్దున విజయవాడ వస్తాను. మీకు వీలైతే ఒక గంట కావాలి. చిన్న ఊళ్లో ఫీజు ఎలా నిర్ణయించాలి, మొదటి ఏడాది ఎలాంటి పనికి వద్దనాలి, ఈ రెండూ మిమ్మల్నే అడగాలి. మేడమ్ గారికి నా నమస్కారాలు చెప్పండి. మీ ఇద్దరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.

ఇట్లు,
మీ శిష్యురాలు
శ్రావణి