ఐదో అంతస్తు లాక్

లైటు, ఫ్యాను ఒకేసారి ఆగిపోయాయి. లిఫ్ట్ చిన్న కుదుపుతో నిలిచింది.

ఆమె అలారం బటన్ నొక్కింది. మోగలేదు. మళ్ళీ నొక్కబోతుంటే చీకట్లోంచి అతను అన్నాడు: "మోగదు మేడం. దానికీ ఎమర్జెన్సీ లైటుకీ ఒకటే బ్యాటరీ. లైటు వెలగలేదంటే అదీ పనిచేయనట్టే."

ఆమె ఫోన్ టార్చ్ వేసింది. ముప్పై దాటని కుర్రాడు. కాళ్ళ దగ్గర బరువైన రెక్సిన్ సంచీ, జిప్పులోంచి స్పానరు తల కనిపిస్తోంది. 8 నొక్కింది అతనే. ఆమె 7 నొక్కింది.

"ఎనిమిదిలో ఎవరింటికి బాబూ?"

"పని ఉంది."

"రెండు ఫ్లాట్లకీ తాళాలే. ఆర్నెల్లుగా ఎవరూ లేరు."

అతను జవాబు చెప్పలేదు. ఆమె టార్చ్ అతని మీంచి తీయకుండా, రెండో చేత్తో లిఫ్ట్ తలుపు పట్టి లాగింది. జానెడు తెరుచుకుంది. ఇంకాస్త లాగితే ఎదురుగా ఛాతీ ఎత్తుదాకా కాంక్రీటు గోడ, దానిపైన ఐదో అంతస్తు తలుపు కింది భాగం. ఆ తలుపుని వేళ్ళతో తోస్తే అడ్డు లేకుండా పక్కకి జరిగింది. మూడడుగుల సందులోంచి కారిడార్ మసగ్గా కనిపించింది.

ఆమె హ్యాండ్‌బ్యాగ్ పైకి విసిరి, గట్టు మీద రెండు మోచేతులూ ఆనించి లేవబోయింది.

"దిగండి."

"నువ్వు నడుం దగ్గర పట్టుకో, ఎక్కేస్తాను."

"దిగండమ్మా!" భుజం పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఆమె వెనక్కి తూలి పానెల్‌కి కొట్టుకుంది. ఫోన్ కింద పడి టార్చ్ వెలుగు పైకప్పు మీద పడింది.

"ముట్టుకున్నావంటే అరుస్తాను."

"అరవండి. ఆ సందులోకి మాత్రం వెళ్ళకండి. కరెంటొస్తే ఇది కిందికి పోతుంది. ఈ కంట్రోలర్ పాతది, కరెంటు పోతే తను ఏ అంతస్తులో ఉందో మరిచిపోతుంది. రాగానే మొదట గ్రౌండ్ ఫ్లోర్‌కి దిగి లెక్క సరిచేసుకుంటుంది. మీరు గట్టు మీద సగం ఉండగా దిగితే, ఈ పైకప్పుకీ ఆ గట్టుకీ మధ్య..." మిగతాది అనలేదు.

"తలుపు తీసుంటే లిఫ్ట్ కదలదు. చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"కదలకూడదు."

ఆ మాట అన్న తీరు ఆమెకి నచ్చలేదు. వంగి ఫోన్ తీసుకుంది. సిగ్నల్ ఒక్క గీత. తెరిచిన సందు దగ్గర పెడితే రెండయ్యాయి. వాచ్‌మన్ నంబరు నొక్కి స్పీకర్‌లో పెట్టింది.

"అమ్మా, కంగారు పడకండి. జనరేటర్ వేస్తున్నా, డీజిల్ పోశాను."

"వద్దని చెప్పండి!" అతను ఫోన్ వైపు వంగాడు. "ముందు మెషీన్ రూమ్‌కెళ్ళి లిఫ్ట్ మెయిన్ దించాలి. ఆ తర్వాతే జనరేటర్."

"మెషీన్ రూమ్ తాళం సెక్రటరీ గారింట్లో ఉందమ్మా, వాళ్ళు ఊళ్ళో లేరు."

"పగలగొట్టు. ఏదో ఒకటి చెయ్యి. ఎలాగోలా నడిపించవయ్యా!"

అతను తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

కింద జనరేటర్ రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. తలుపు బార్లా తెరిచి ఉండగానే లిఫ్ట్ కిందికి కదిలింది. కళ్ళెదుటే కాంక్రీటు గట్టు పైకి పోతోంది. ఆమె మోచేతులు ఆనించిన చోటు పైకప్పు అంచుకి చేరువవుతోంది. ఒక అడుగు. అడుగున్నర. అతను పానెల్ మీద పిడికిలితో గుద్ది, "ఆపు! జనరేటర్ ఆపరా!" అని ఫోన్లోకి కేకేశాడు.

జనరేటర్ ఆగింది. బ్రేకు పట్టుకున్న చప్పుడు పైనుంచి వినిపించింది. మూడడుగుల సందు ఇప్పుడు జానెడున్నర.

ఆమె మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది.

"తాళం పగలగొట్టి మెయిన్ దించు," అతను ఫోన్లో చెప్తున్నాడు. "గోడ మీద ఎర్ర హ్యాండిల్ ఉన్న పెట్టె. దించాక మళ్ళీ ఫోన్ చెయ్యి. తోడు ఇంకో మనిషి కావాలి. ఐదో అంతస్తు తలుపు తెరిచే ఉంది, అక్కడ ఒకర్ని నిలబెట్టు, పిల్లలు వచ్చారంటే ప్రమాదం."

"నీకెలా తెలుసు?" అంది ఆమె.

"ప్రతి అంతస్తు తలుపుకీ ఒక లాక్, లోపలి తలుపుకి ఒక కాంటాక్ట్. అన్నీ వరసగా ఒకే లైన్‌లో ఉంటాయి. ఏ ఒక్కటి తెగినా మోటారుకి కరెంటు అందదు. ఐదో అంతస్తు లాక్ కొక్కెం విరిగింది. విరిగిందని లిఫ్ట్ మాటిమాటికీ ఆగింది." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "కంట్రోలర్‌లో రెండు టెర్మినళ్ళ మధ్య వైరు ముక్క వేస్తే తలుపులన్నీ మూసున్నాయనే అనుకుంటుంది. మూరెడు వైరు."

"ఎవరు వేశారు?"

"నేనే. తొమ్మిది రోజులైంది. అది తీసేద్దామనే ఇవాళ ఎనిమిదికి వెళ్తున్నా. మెషీన్ రూమ్ మెట్లు అక్కణ్ణించే."

"మనిషి చచ్చేవాడని తెలిసీ వేశావా?"

"లాక్‌కీ, రెస్క్యూ బ్యాటరీలకీ కొటేషన్ పంపాం. బ్యాటరీలుంటే కరెంటు పోగానే దగ్గరి అంతస్తుకి అదే చేరి తలుపు తెరిచేది. రెండు వస్తువుల మీదా ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టి కాగితం వెనక్కి పంపారు. మర్నాడు ఫోనొచ్చింది. ఏడో అంతస్తులో పెద్దాయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్, లిఫ్ట్ ఒక్కరోజు కూడా ఆగడానికి వీల్లేదు, ఎలాగోలా నడిపించండి అన్నారు. ఒక మేడం."

ఆమె టార్చ్ ఆపేసింది.

"ఆయన మా ఆయనే," అంది కాసేపటికి. "ట్రెజరర్ని నేను. వైరు వెయ్యమని చెప్పలేదు."

"చెప్పలేదు. ఎలా నడుస్తోందని అడగను కూడా లేదు. నేనూ చెప్పలేదు."

ఫోన్ మోగింది. మెయిన్ దించారు, ఆరో అంతస్తు కుర్రాడు తోడున్నాడు.

"మోటారు మీద బ్రేకుకి ఇనప లివరు ఉంటుంది, గోడకి వేలాడుతూ చక్రం ఉంటుంది. చక్రం షాఫ్ట్‌కి ఎక్కించి ఒకరు గట్టిగా పట్టుకోండి. రెండోవాడు లివరు నొక్కి వెంటనే వదలాలి. నొక్కి పట్టుకోకండి."

"బ్రేకు వదిలితే కింద పడిపోమూ?" ఆమె లేచి చేతిపట్టీ పట్టుకుంది.

"పైకి వెళ్తాం. ఎనిమిది మంది లిఫ్ట్ ఇది, 544 కిలోలు మోస్తుంది. తాళ్ళకి అటు చివర వేలాడే దిమ్మెల్లో ఖాళీ లిఫ్ట్ కన్నా అందులో సగం బరువు ఎక్కువ వేస్తారు. మనిద్దరం కలిసి 140 ఉంటామేమో. అటే మొగ్గు. అందుకే లివరు నొక్కి పట్టుకుంటే వేగం అందుకుంటుంది."

లిఫ్ట్ బెత్తెడు లేచి ఆగింది. మళ్ళీ బెత్తెడు. ఒకసారి వదలడం ఆలస్యమై మూరెడు దూకింది, ఆమె అతని మోచెయ్యి పట్టేసుకుంది. "తాళ్ళ మీద పసుపు గీత చూడు, దాన్ని ఫ్రేము మీద గీతకి కలపాలి," అతను ఫోన్లో ఒక్కో నొక్కుడూ లెక్కపెట్టిస్తున్నాడు. గట్టు నడుం దగ్గరికి, మోకాలికి, చివరికి పాదాల సమానానికి వచ్చింది.

"మెయిన్ వేసేయనా అమ్మా?" ఫోన్లో వాచ్‌మన్.

ఆమె అతని వైపు చూసింది.

"వైరు తీశాక వేసినా నడవదు," అన్నాడు. "లాక్ వచ్చేదాకా ఇక్కడే ఉండాలి. ఇక్కణ్ణించి కదిలిస్తే ఈ తలుపు వెనక ఐదంతస్తుల లోతు."

"రేపు పొద్దున డయాలసిస్."

"కుర్చీలో దింపాలి. ముందొకరు, వెనకొకరు."

"వెయ్యకు," అంది ఆమె ఫోన్లోకి.

అతను సంచీలోంచి సర్వీసు పుస్తకం తీసి తెరిచాడు. "ఫోన్లో కాదు మేడం. రాసివ్వండి."

ఆమె పుస్తకాన్ని లిఫ్ట్ గోడకి ఆనించి తేదీ, టైము వేసింది. లిఫ్ట్ ఆపించింది తనేనని, లాక్ మార్చేదాకా మెయిన్ వేయరాదని రాసి, కింద సంతకం పెట్టబోయి ఆగింది.

"బ్యాటరీలు ఎన్ని?"

"12 వోల్టులవి నాలుగు."

అదీ రాసింది.